పిన్నమ్మ బ్యాటరీలో ఆసిడ్ ఎక్కడికి పోయింది?

రోహిణి కార్తెలో కావలి వెళ్తే మా పిన్నమ్మ మంచినీళ్లు చేతికిచ్చి, కూర్చోకముందే మెట్ల కిందికి తీసుకెళ్లింది. నాలుగేళ్ల కిందట కొన్న 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ బ్యాటరీ అక్కడ ఉంది. కొత్తలో కరెంటు పోతే రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు ఐదు గంటలు నడిచేవట. ఇప్పుడు మూడు గంటలు కూడా రావడం లేదు. చూసిన మెకానిక్ ప్లేట్లు పోయాయని, కొత్తది కొనుక్కోమని చెప్పి వెళ్లాడట.

"ట్యూబులర్ అయితే చాలాకాలం వస్తుందని ఎక్కువ డబ్బులు పెట్టి కొన్నాం నాయనా. నీళ్లు ఒక్కసారి కూడా ఎండనివ్వలేదు. ఈసారి తక్కువలో వచ్చే ఫ్లాట్ ప్లేటే తీసుకుందామా?" అని అడిగింది.

ఇరవై ఏళ్లుగా ఇన్వర్టర్లు, బ్యాటరీల పనే చేస్తున్నాను. ఇంకాస్త జాగ్రత్తపడాల్సిందని చెప్పడం తేలిక. కానీ పిన్నమ్మ నిజంగానే జాగ్రత్త మనిషి. ఎక్కడ తేడా వచ్చిందో నాకు ముందు బ్యాటరీ చెప్పలేదు, దాని కింద నేల చెప్పింది. ఇనుప ట్రాలీ కాళ్లు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. ట్రాలీ కింద రెండు టైల్స్ మెరుపు పోయి, చేత్తో తడిమితే గరుకుగా తగిలాయి. టెర్మినల్ మీద తెల్లగా, అంచుల్లో నీలంగా పొడి పేరుకుంది. ఉత్త నీళ్లు కారితే నేల అలా కాదు. అది ఆసిడ్ కారిన గుర్తు.

అది ఎందుకు కారిందో చెప్పే ముందు పిన్నమ్మ ప్రశ్న సంగతి చూద్దాం. ట్యూబులర్, ఫ్లాట్ ప్లేట్ అనేవి రెండు వేరువేరు జాతుల బ్యాటరీలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండింట్లోనూ ఉండేది సీసం, పలుచన చేసిన గంధకామ్లం. నెగటివ్ ప్లేటు కూడా రెండింట్లో దాదాపు ఒకటే, సీసం జాలీ మీద మెత్తిన బల్లపరుపు ప్లేటు. తేడా అంతా పాజిటివ్ ప్లేటులోనే ఉంది.

ఫ్లాట్ ప్లేట్ బ్యాటరీలో పాజిటివ్ కూడా జాలీయే. కిటికీ ఊచల మధ్య మట్టి మెత్తినట్టు, సీసం జాలీ గళ్లలో పేస్టు నింపి ఆరబెడతారు. కరెంటు ఇచ్చే పదార్థం ఆ పేస్టే. బ్యాటరీ వాడుకలో ఉన్నప్పుడు ఆ పదార్థం సీసపు సల్ఫేటుగా మారి ఉబ్బుతుంది, ఛార్జ్ అయ్యేటప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. ఉబ్బడం, తగ్గడం వందలసార్లు జరిగేసరికి పేస్టు పట్టు సడలి పొడిపొడిగా రాలి అడుక్కి చేరుతుంది. దాన్ని మా పనివాళ్లం మడ్డి అంటాం. రాలిన కొద్దీ బ్యాటరీ దమ్ము తగ్గుతుంది. మడ్డి పేరుకుని ప్లేట్ల అడుగు అంచులకు తగిలితే ఆ సెల్లు, అంటే బ్యాటరీలోని ఆరు అరల్లో ఆ అర, లోపలే షార్ట్ అవుతుంది.

ట్యూబులర్‌లో పాజిటివ్ ప్లేటు చూడటానికి దువ్వెనలా ఉంటుంది. వరసగా సన్నటి సీసపు కడ్డీలు, ఒక్కో కడ్డీకి పాలిస్టర్ నేతతో చేసిన గొట్టం తొడిగి, మధ్యలో పదార్థం దట్టించి ఉంటుంది. ఆసిడ్ ఆ నేతలోంచి లోపలికీ బయటికీ తిరుగుతుంది, పదార్థం మాత్రం అంత తేలిగ్గా బయటికి రాలదు. ఉబ్బినా గొట్టం అదిమి పట్టుకుంటుంది. అందుకే లోతుగా ఖాళీ అయ్యి మళ్లీ నిండే పనికి ట్యూబులర్ ఎక్కువకాలం నిలబడుతుంది. పలుచటి ప్లేట్లు ఎక్కువ ఉన్న ఫ్లాట్ ప్లేటుకు ఇంకో బలం ఉంది. ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వగలదు. కారు స్టార్ట్ చేయడానికి అదే కావాలి, ఇంట్లో ఫ్యాన్లు గంటల తరబడి తిప్పడానికి కాదు.

మన జిల్లాకు ఏది నప్పుతుందంటే, రోజూ పావుగంటో అరగంటో తప్ప కరెంటు పోని టౌన్లో, తక్కువ లోడు ఉన్న ఇంట్లో, ఫ్లాట్ ప్లేటు కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. కానీ నెల్లూరు తీరానికి తుఫాన్లు కొత్త కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ లాంటిది వచ్చినప్పుడు బ్యాటరీ అడుగంటా ఖాళీ అవుతుంది. అలాంటి లోతు డిశ్చార్జులు ఫ్లాట్ ప్లేటు ఆయుష్షును గబగబా తినేస్తాయి. కాబట్టి పిన్నమ్మ ట్యూబులర్ కొనడంలో తప్పేమీ లేదు.

కానీ గొట్టం కాపాడేది పదార్థాన్ని మాత్రమే. డబ్బాలో ఉన్న ఆసిడ్‌ను అది కాపాడలేదు. ట్యూబులర్ అంటే నీళ్ల పని లేదని కొందరు అనుకుంటారు, అది కూడా తప్పే. ఆ సీసపు కడ్డీలు గట్టిగా ఉండటానికి సీసంలో యాంటిమొనీ కలుపుతారు. వయసు పెరిగే కొద్దీ అది కాస్త కాస్తగా కరిగి నెగటివ్ ప్లేటు మీదికి చేరుతుంది, దానివల్ల గ్యాసు తేలిగ్గా పుడుతుంది. అంటే పాతబడిన ట్యూబులర్, కొత్తదానికంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది.

ఈ తాగడం ఏమిటో ఒక్కసారి చూడాలి. బ్యాటరీ నిండిపోయిన తర్వాత కూడా ఇన్వర్టర్ కొద్దిపాటి కరెంటు పంపుతూనే ఉంటుంది. దాచుకోవడానికి చోటు లేని ఆ కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. అవి బుడగలై మూతల రంధ్రాల్లోంచి వెళ్లిపోతాయి. పోయేది నీరు మాత్రమే, ఆసిడ్ లోపలే ఉంటుంది. అందుకే నింపాల్సింది కూడా నీరే.

ఎంత పోతుందన్నదానికి లెక్క ఉంది. నిండిన బ్యాటరీలోకి ఒక ఆంపియర్ ఒక గంట పోతే ఒక్కో సెల్లులో గ్రాములో మూడో వంతు నీరు పోతుంది, ఆరు సెల్లులకూ కలిపి 2 గ్రాములు. పిన్నమ్మ బ్యాటరీలోకి ఫుల్ ఛార్జ్ తర్వాత నా క్లాంప్ మీటరులో 0.3 ఆంపియర్ కనిపించింది. రోజుకు 7 ఆంపియర్ గంటలు, అంటే 14 మిల్లీలీటర్ల నీరు. నెలకు 400 దాటుతుంది. వేడి ఎక్కువైతే ఇదే వోల్టేజి దగ్గర కరెంటు పెరుగుతుంది, సుమారుగా పది డిగ్రీలకు రెట్టింపు అనుకోవచ్చు. పడమటి ఎండ తగిలే గోడకు ఆనించి, గాలాడని మెట్ల కింద పెట్టిన బ్యాటరీ ఎండాకాలంలో ఎందుకు అన్ని నీళ్లు తాగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎండాకాలం నెలకోసారి, మిగతా కాలంలో రెండు నెలలకోసారి చూసుకుంటే ఇలాంటి బ్యాటరీకి చాలు.

ఇన్వర్టర్ వెనకాల ఒక చిన్న స్విచ్ ఉండవచ్చు, ట్యూబులర్, ఫ్లాట్, నీళ్లు పోసే పని లేని ఎస్ఎంఎఫ్ అని. చాలామంది దాన్ని చూడనే చూడరు. ట్యూబులర్‌కు కాస్త ఎక్కువ వోల్టేజి కావాలి. ఫ్లాట్ ప్లేటు బిగించి స్విచ్ ట్యూబులర్ మీద వదిలేస్తే అది అనవసరంగా ఉడికి నీళ్లు ఎగరగొట్టుకుంటుంది. అటుదిటైతే ట్యూబులర్ ఎప్పటికీ పూర్తిగా నిండదు. పిన్నమ్మ ఇంట్లో ఆ స్విచ్ సరిగ్గానే ఉంది.

మరి తేడా ఎక్కడొచ్చింది? నీళ్లు ఎలా పోస్తావో చూపించు పిన్నమ్మా అన్నాను. "కరెంటు ఉన్నప్పుడు ముట్టుకుంటే షాక్ కొడుతుందని, కరెంటు పోయినప్పుడే పోస్తా" అంది. మూత తీసి, నీళ్లు పైన కనబడేదాకా పోస్తుందట. తక్కువైతే చెడిపోతుందని కాస్త ఎక్కువే పోసేది. అదే అసలు సంగతి.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటుంది. లోపల బుడగలు ఉండవు, ద్రవం నిశ్చలంగా ఉంటుంది. అప్పుడు మూతి దాకా నింపేశాం అనుకోండి. కరెంటు రాగానే ఇన్వర్టర్ గట్టిగా ఛార్జ్ చేస్తుంది. ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తుంది. చివరి గంటల్లో ప్లేట్ల మధ్య లక్షల బుడగలు పుట్టి ద్రవాన్ని పైకి నెడతాయి. పొయ్యి మీద గిన్నె నిండా పోసిన పాలు ఏం చేస్తాయో అదే జరుగుతుంది. పొంగి మూతల రంధ్రాల్లోంచి కారుతుంది. అప్పుడు కారేది నీరు కాదు, ఆసిడ్ కలిసిన ద్రవం. రెండు నెలల తర్వాత మట్టం తగ్గిందని మళ్లీ నీళ్లు పోస్తాం, మళ్లీ పొంగుతుంది. ప్రతిసారీ కొంచెం ఆసిడ్ బయటికి, కొంచెం నీరు లోపలికి. డబ్బా ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది.

ఎంత పోయి ఉంటుందో వేసి చూశాను. ఆ సైజు బ్యాటరీలో ద్రవం సుమారు 18 లీటర్లు. ఉత్త నీటి బరువు 1000 అనుకుంటే అంతే ద్రవం ఎంత బరువో చెప్పేది గ్రావిటీ. అది 1240 దగ్గర ఉంటే ద్రవం బరువులో మూడో వంతు ఆసిడ్ ఉంటుంది, అంటే మొత్తం ఏడు కిలోలకు పైమాటే. సెల్లుకు 25 మిల్లీలీటర్ల చొప్పున పొంగినా ఒక్కసారికి 150 మిల్లీలీటర్లు, అందులో ఆసిడ్ 60 గ్రాములు. చూడటానికి చిన్నదే. నాలుగేళ్లలో పిన్నమ్మ పద్దెనిమిదిసార్లైనా అలా పోసి ఉంటుంది. కిలోకి పైగా ఆసిడ్ మెట్ల కింద నేలపాలైంది. ఉన్నదాంట్లో ఏడో వంతు. ఆసిడ్ తగ్గితే కరెంటు పుట్టించే సరుకే తగ్గుతుంది, వోల్టేజి తొందరగా పడిపోయి ఇన్వర్టర్ ముందే బీప్ కొట్టి ఆగిపోతుంది.

లెక్క నిజమో కాదో గ్రావిటీ కొలిచే హైడ్రోమీటరే చెప్పాలి. రాత్రంతా ఛార్జ్ కానిచ్చి, పొద్దున్నే ఒక్కో సెల్లులోంచి ద్రవం లాగి చూశాను. ఆరు సెల్లుల్లోనూ 1200కి, 1205కి మధ్యే ఉంది. అప్పటికే ద్రవం 37 డిగ్రీల వేడి. మార్కులు 27 డిగ్రీలకు లెక్కగట్టినవి కాబట్టి పది డిగ్రీలకు 7 పాయింట్లు కలుపుకోవాలి. కలిపినా 1210 దరిదాపుల్లోనే. ఉండాల్సింది 1240.

ఇక్కడే మెకానిక్ తొందరపడ్డాడని నా నమ్మకం. గ్రావిటీ తక్కువ ఉన్నంత మాత్రాన ప్లేట్లు పోయినట్టు కాదు. ఆరింట్లో ఒక్క సెల్లు మాత్రమే బాగా పడిపోయి, మిగతా ఐదు బాగుంటే ఆ సెల్లు మడ్డితో షార్ట్ అయిందని అనుమానించాలి, దానికి వైద్యం లేదు. ఆరూ తక్కువగా ఉండి, ఇంకో పది పన్నెండు గంటలు ఛార్జ్ పెడితే మెల్లగా పెరుగుతుంటే, ఆసిడ్ ప్లేట్లలో సల్ఫేటుగా ఇరుక్కుని ఉందన్నమాట. తుఫాను తర్వాత ఖాళీ బ్యాటరీని రోజుల తరబడి అలాగే వదిలేసిన ఇళ్లలో ఇది చూస్తుంటాను. ఆరూ సమానంగా తక్కువ ఉండి, ఛార్జింగులో వోల్టేజి 14 దాటి బుడగలు బాగా వస్తున్నా, రెండు మూడు గంటల పాటు గ్రావిటీ ఒక్క పాయింటు కూడా కదలకపోతే, లోపల ఆసిడే తక్కువ. పైగా నేల మీద మచ్చలు ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. పిన్నమ్మది అచ్చం ఇదే.

హైడ్రోమీటర్ పెట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. నీళ్లు పోసిన వెంటనే గ్రావిటీ చూడకూడదు. నీరు తేలిక, ఆసిడ్ బరువు. పోసిన నీరు పైపొరలోనే ఉంటుంది, మనం లాగేది ఆ పైపొరనే. బాగున్న బ్యాటరీ కూడా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ముందు ఫుల్ ఛార్జ్, తర్వాత గ్రావిటీ, ఆ తర్వాత నీళ్లు. పోశాక మళ్లీ ఛార్జింగ్ పెడితే బుడగలే దాన్ని కలిపేస్తాయి.

పిన్నమ్మకు పోసే పద్ధతి మళ్లీ మొదటి నుంచి చూపించాను. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్న రోజు పొద్దున్నే ఇన్వర్టర్ ఆఫ్ చేసి, గోడ సాకెట్‌లోంచి ప్లగ్ తీసేయాలి. షాక్ భయం దాంతో తీరిపోతుంది. తలుపు తీసి అరగంట ఆగాలి, గ్యాసు బయటికి పోతుంది, బుడగలు అణిగి మట్టం నిజంగా ఎంతుందో తెలుస్తుంది. చేతి గాజులు, మెడలో గొలుసు తీసేయాలి, ఎందుకంటే రెండు టెర్మినళ్ల మధ్య లోహం పడితే నిప్పులు రేగుతాయి. దీపం, అగరొత్తి ఆ దరిదాపుల్లో ఉండకూడదు, వెళ్లే గ్యాసులో హైడ్రోజన్ ఉంది. తర్వాత తడిగుడ్డతో మూతల చుట్టూ దుమ్ము తుడవాలి, లేకపోతే ఆ దుమ్మంతా లోపలికి పోతుంది.

ప్రతి సెల్లుకూ ఒక ఫ్లోట్ పుల్ల ఉంటుంది. పుల్ల ఎరుపు గీత దాకా దిగితే నీళ్లు కావాలని, పచ్చ గీతకు చేరితే చాలని అర్థం. ముక్కు ఉన్న ప్లాస్టిక్ సీసాతో కొంచెం కొంచెంగా పోస్తూ, పుల్ల పచ్చకు రాగానే ఆపేయాలి. పైన నీళ్లు కనబడనవసరం లేదు, ఆ ఖాళీ ఉన్నదే ద్రవం పొంగడానికి. పుల్ల కదలకపోతే ఇరుక్కుందేమో వేలితో మెల్లగా నొక్కి చూడాలి. పిన్నమ్మ బ్యాటరీలో నాలుగో సెల్లు పుల్ల అలాగే ఇరుక్కుని, నీళ్లు నిండుగా ఉన్నా ఎరుపే చూపిస్తోంది. అది చూసి ఆ సెల్లులో ఇంకా ఎక్కువ పోసేది.

ఒకవేళ ఎప్పుడైనా మట్టం మరీ పడిపోయి ప్లేట్ల పైఅంచు బయటపడితే, ఫుల్ ఛార్జ్ దాకా ఆగకూడదు. గాలి తగిలిన ప్లేటు దెబ్బతింటుంది. అప్పుడు ప్లేట్లు మునిగేంత వరకే పోసి ఛార్జింగ్ పెట్టి, నిండాక మిగతాది పచ్చ గీత దాకా నింపాలి.

పోసేది ఏ నీరన్నది ఇంకో విషయం. కావలి బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, సముద్రం దగ్గరైన కొద్దీ ఉప్పు. ఆ ఉప్పులోని క్లోరైడు పాజిటివ్ ప్లేటు సీసాన్ని కొరుకుతుంది. ఇనుము ఉంటే బ్యాటరీ వాడకుండానే లోపల్లోపల ఖాళీ అవుతుంది. ఆర్వో నీళ్లు శుభ్రమే కదా అంటారు, కానీ తాగే నీటిలో రుచి కోసం లవణాలు ఉండనే ఉంటాయి. నీరు ఆవిరైనట్టు పోతుంది, లవణం మిగిలిపోతుంది, ప్రతి టాప్ అప్‌కూ అది పేరుకుంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా వద్దు, అవి దుమ్ము పట్టిన రాగి, అల్యూమినియం కాయిల్ మీద నుంచి వస్తాయి. నా దగ్గరున్న టీడీఎస్ పెన్ను ముంచి పిన్నమ్మకు చూపించాను. వంటింట్లో వాటర్ ప్లాంటు క్యాను 58, షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్ 2. అయిదు లోపు ఉంటేనే పోయమన్నాను. క్యాను మీద ఐఎస్ 1069 అని ఉందో లేదో కూడా చూడమన్నాను, బ్యాటరీలకు వాడే నీటి ప్రమాణం అదే. మూత తెరిచిన క్యానును నెలల తరబడి వంటింటి గట్టు మీద ఉంచకుండా, బిగించి నీడన పెట్టుకోవాలి.

ఇక పోయిన ఆసిడ్ సంగతి. బ్యాటరీలో ఎప్పుడూ నీళ్లే పోయాలి, ఆసిడ్ పోయకూడదు అన్నది ఇంటివాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట. సల్ఫేటు పట్టిన బ్యాటరీలో ఆసిడ్ పోసి గ్రావిటీ పెంచితే మీటరు సంతోషంగా కనిపిస్తుంది, కొన్ని నెలల్లో ప్లేట్లు తినేస్తుంది. దమ్ము పెంచుతానంటూ ఆసిడ్ పోసేవాళ్లను ఇంట్లోకి రానివ్వొద్దు. కానీ ఆసిడ్ బయటికి కారిపోయిందని ఇలా పూర్తిగా తేలినప్పుడు మాత్రం, ఫుల్ ఛార్జ్ మీద ఒకే ఒక్కసారి, పనివాడు సరిచేయవచ్చు. అలా ఒక్కో సెల్లులోంచి కొంత ద్రవం తీసి, ఆ మేరకు చిక్కటి బ్యాటరీ ఆసిడ్ కొద్దికొద్దిగా పోస్తూ, కలవడానికి మధ్యలో ఛార్జ్ పెడుతూ 1235 దాకా తెచ్చాను. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్ లేకుండా ఆ పనికి దిగకూడదు. ఒలికిన చోట వంటసోడా కలిపిన నీళ్లు పోస్తే నురగ వచ్చి ఆసిడ్ విరిగిపోతుంది. ఆ సోడా నీళ్లు సెల్లులోకి పడకుండా మూతలన్నీ బిగించాకే కడిగాను. టెర్మినళ్లు వేడినీళ్లతో శుభ్రం చేసి, ఆరాక వ్యాజలీన్ రాశాను.

అదే రోజు సాయంత్రం మెయిన్ ఆపేసి రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు వేసి కూర్చున్నాం. మూడు గంటల యాభై నిమిషాలకు బీప్ వచ్చింది. నాలుగేళ్లు నడిచిన ప్లేట్లు కొత్తలో ఇచ్చిన ఐదు గంటలు మళ్లీ ఇవ్వవు, ఆసిడ్ సరిచేసినంత మాత్రాన రాలిందీ గట్టిపడిందీ వెనక్కి రాదు. ట్రాలీని పడమటి గోడ నుంచి హాల్లో గాలి తగిలే మూలకు జరిపాం. ఆగస్టులో పిన్నమ్మ ఫోన్ చేసింది. ఛార్జ్ నిండాక పొద్దున్నే పోసిందట, ఆరు సెల్లులకూ కలిపి 700 మిల్లీలీటర్లు పట్టాయట, పుల్లలు పచ్చకు రాగానే ఆపేసిందట. ట్రాలీ కింద పాత దినపత్రిక పరిచి ఉంచమన్నాను కదా, దాని గురించి అడిగాను.

"పొడిగానే ఉంది అబ్బయా. ఒక్క చుక్క కూడా పడలేదు" అంది.